నెల రిపోర్టుకి ముందు అడ్మిషన్ల షీటు చెక్ చేసుకోవడం ఎలా: తారుమారైన తారీకులు, డబుల్ ఎంట్రీలు, కుదరని అంకెలు

నెల మొదటి వారం వచ్చిందంటే ఏ ఆసుపత్రి రికార్డ్స్ సెక్షన్‌లో చూసినా ఒకటే హడావిడి, పోయిన నెల అడ్మిషన్లు ఎన్ని, డిశ్చార్జిలు ఎన్ని, చావులు ఎన్ని, పడకలు ఎంత శాతం నిండినాయి, ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య పోర్టల్ హెచ్‌ఎంఐఎస్‌లో ఎక్కించాల, మేనేజ్‌మెంటుకి వేరేగా ఇవ్వాల. సాఫ్ట్‌వేర్‌లోంచి ఎక్సెల్ దించుకోవడం, పివట్ కొట్టడం, అంకె తీసి పంపించేయడం, ఇదే చాలామంది చేసేది. ఆ షీటులో ఏముందో ఎవరూ చూడరు, మూడు నెలల తర్వాత ఆడిట్‌కి వచ్చినాయన "ఏందబ్బా, ఈ పేషెంటు 92 రోజులు మీ జనరల్ వార్డులో ఉన్నాడా" అని అడిగితే అప్పుడు కేస్ షీట్ల కోసం స్టోర్ రూము తవ్వుకోవాల.

ఒక ఉదాహరణ పట్టుకుని పోదాం. తిరుపతికీ చిత్తూరుకీ మధ్యలో ఎక్కడో వంద పడకల ఆసుపత్రి ఒకటి ఉందనుకోండి, 2025 జులై నెల రిపోర్టు చేయాల. ఇక్కడ వేసిన అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసినవే. షీటులో కాలమ్స్ ఇట్లా ఉన్నాయనుకుందాం: A లో ప్రతి అడ్మిషన్‌కీ కొత్తగా ఇచ్చే ఐపీ నంబరు, B లో ఎన్నిసార్లు వచ్చినా మనిషికి ఒకటే ఉండే యూహెచ్‌ఐడీ, C పేరు, D వయసు, E వయసు ఏ లెక్కలో అనేది (ఏళ్లా, నెలలా, రోజులా), F అడ్మిషన్ తారీకు టైముతో సహా, G డిశ్చార్జి తారీకు టైము, H వార్డు, I ఎట్లా బయటికి పోయినారు అనేది. మీ షీటులో వరస వేరేగా ఉంటే ఫార్ములాల్లో అక్షరాలు మార్చుకోండి.

ముందు ఫైలు సరిగ్గా దించుకోండి

చాలా షీట్లు దించుకునే దగ్గరే తప్పిపోతాయి. సాఫ్ట్‌వేర్‌లో "అడ్మిషన్ తేదీ 1 జులై నుంచి 31 జులై" అని ఫిల్టర్ పెట్టి దించితే జూన్ 27న చేరి జులై 4న పోయిన పేషెంటు ఆ ఫైల్లోకి రాడు, కానీ అతను జులైలో మూడు రాత్రులు మన పడక మీద పడుకున్నాడు కదా, జులై డిశ్చార్జీల్లో కూడా అతన్ని లెక్కపెట్టాల. కాబట్టి ఫైల్లో మూడు రకాల వాళ్లు ఉండాల: జులైలో చేరినవాళ్లు, ఎప్పుడు చేరినా జులైలో పోయినవాళ్లు, జులై ఆఖరికి ఇంకా లోపలే ఉన్నవాళ్లు. మీ సాఫ్ట్‌వేర్ ఒకేసారి ఇవ్వకపోతే మూడు ఫైళ్లుగా దించి కలపండి, అప్పుడు ఒకే మనిషి రెండు ఫైళ్లలోనూ వస్తాడు, అవి కింద డూప్లికేట్ల దగ్గర తేలతాయి, భయం లేదు.

దించిన ఫైలు సీఎస్‌వీ అయితే దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు, ఇది మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. ఒరిజినల్‌ని ఒక ఫోల్డర్‌లో అట్లనే వదిలేసి, ఖాళీ ఎక్సెల్ తెరిచి, Data మెనూలో From Text/CSV ద్వారా తెచ్చుకోండి, అక్కడ Transform Data లోకి పోయి తారీకు కాలమ్స్ రెండింటినీ Text గా పెట్టండి, యూహెచ్‌ఐడీ ఐపీ నంబర్లనూ Text గానే పెట్టండి, లేకపోతే 000452 అనేది 452 అయిపోతాది, తర్వాత ల్యాబ్ షీటుతో కలపాలంటే కలవదు. ఎందుకు ఇంత జాగ్రత్త అంటే కింద చెప్పేదే, ఈ పని మొత్తంలో ఎక్కువ దెబ్బ కొట్టేది అదే.

తారీకులు: రోజు, నెల తారుమారు

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మన అలవాటు ప్రకారం 03/07/2025 అని ఇస్తాది, అంటే జులై 3. ఆఫీసులో కంప్యూటరు విండోస్ వేసినోడు రీజియన్ అమెరికాది వదిలేసి పోయుంటే ఎక్సెల్ దాన్ని మార్చి 7 అని చదువుకుంటాది, అడగదు, ఎర్రగా చూపించదు. మరి 13/07/2025 వస్తే? పదమూడో నెల లేదు కాబట్టి అది తారీకు కాదనుకుని ఉత్త అక్షరాలుగా వదిలేస్తాది. అంటే ఒకే కాలమ్‌లో 1 నుంచి 12 దాకా ఉన్న రోజులు తారుమారైన తారీకులు, 13 నుంచి 31 దాకా ఉన్నవి టెక్స్ట్. మధ్యలో 07/07 ఒక్కటే అటు చదివినా ఇటు చదివినా ఒకటే కాబట్టి బతికిపోతాది.

దీన్ని గుర్తుపట్టడం మాత్రం చాలా సులువు. కాలమ్ వెడల్పు చేసి చూడండి, అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే నిజం తారీకులు సెల్‌లో కుడి పక్కకి ఆనుకుని ఉంటాయి, టెక్స్ట్ ఎడమ పక్కకి ఉంటాది, సగం ఇటు సగం అటు ఉంటే అనుమానం మొదలు. ఆ తర్వాత పక్క కాలమ్‌లో ఇది వేయండి:

```
=IF(ISNUMBER(F2),DAY(F2),"text")
```

జులై నెల షీటులో ఈ ఫార్ములా నంబరు వచ్చిన ప్రతి చోటా దాదాపుగా 7 అనే వస్తా ఉంటే ఇంక సాక్ష్యం అక్కర్లేదు. జనవరి 7, ఫిబ్రవరి 7, మార్చి 7, ఇట్లా ప్రతి నెలా ఏడో తారీకునే పేషెంట్లు చేరి మిగతా రోజుల్లో ఎవరూ చేరకపోవడం ఏ ఊర్లో ఉంటాది? జూన్ మొదట్లో చేరిన కొద్దిమందికి 6 వస్తాది, అది కూడా అదే రోగం.

ఇప్పుడు అసలు మెలిక చూడండి. జులై 3న చేరి జులై 6న పోయిన ఒకాయన ఉన్నాడు. తారుమారైనాక అడ్మిషన్ మార్చి 7, డిశ్చార్జి జూన్ 7. "డిశ్చార్జి అడ్మిషన్ కంటే ముందుందా" అనే చెక్ వేస్తే పాస్ అయిపోతాడు, ఎందుకంటే రెండూ ఒకే రకంగా తారుమారైనాయి కాబట్టి ముందు వెనక వరస చెడలేదు. కానీ ఉన్న రోజులు 3 కి బదులు 92 అయినాయి. అందుకే వరస చెక్ ఒక్కటి పెట్టుకుని తారీకులు ఓకే అనుకునే వాళ్లని చూస్తే నాకు జాలేస్తాది, ఆ చెక్ ఈ తప్పుని ఎప్పటికీ పట్టుకోలేదు. జులై 9న చేరిన వాళ్లయితే సెప్టెంబర్ 7 అవుతారు, ఆగస్టు మొదటి వారంలో కూర్చుని రిపోర్టు చేస్తా ఉంటే అది ఇంకా రాని తారీకు, అది కనీసం కంటికి కనిపిస్తాది.

నెల ఫిల్టర్ పెట్టి లెక్కపెడితే ఇంకా ఘోరం, తారీకులుగా చదివిన వాటిలో జులై 7 వాళ్లు మాత్రమే జులైలో మిగులుతారు, టెక్స్ట్‌గా ఉన్నోళ్లు లెక్కలోకే రారు.

సరిచేయడానికి మంచి దారి ఒరిజినల్ ఫైలుని మళ్లీ Text గా తెచ్చుకుని కింది ఫార్ములాతో తారీకులు చేసుకోవడమే. ఒరిజినల్ లేదు, ఎవరో తెరిచి సేవ్ చేసేసిన షీటే మిగిలింది అంటే ఖాళీ కాలమ్‌లో అదే ఫార్ములా పనిచేస్తాది, సాఫ్ట్‌వేర్ రోజుకీ నెలకీ రెండేసి అంకెలు ఇచ్చి, టైము 14:20 లాగా ఇచ్చినప్పుడు:

```
=IF(F2="","",IF(ISNUMBER(F2),
 DATE(YEAR(F2),DAY(F2),MONTH(F2))+MOD(F2,1),
 DATE(MID(F2,7,4),MID(F2,4,2),LEFT(F2,2))
 +TIMEVALUE(MID(F2,12,5))))
```

నంబరుగా ఉంటే రోజునీ నెలనీ మళ్లీ తిప్పుతాది, టెక్స్ట్‌గా ఉంటే ముక్కలు కోసి అతికిస్తాది, టైము అట్లనే ఉంచుతాది. డిశ్చార్జి కాలమ్‌కి కూడా ఇదే, F బదులు G.

అయితే ఇది టెక్స్ట్‌గా తెచ్చుకున్న కాలమ్ మీదో తారుమారైన కాలమ్ మీదో మాత్రమే వేయాల. సరిగ్గా ఉన్న కాలమ్ మీద వేసినారంటే జులై 15 కాస్తా 15వ నెల 7వ రోజు అవుతాది, ఎక్సెల్ "అట్లాంటి నెల లేదు" అనదు, మర్యాదగా ముందుకి లెక్కపెట్టి 2026 మార్చి 7 అని ఇచ్చేస్తాది. ఇదే గుణం ఇంకో చోట కొంపముంచుతాది: రిజిస్టర్ నుంచి చేత్తో ఎక్కించినప్పుడు ఎవరో 31/06/2025 అని కొట్టినారనుకోండి, జూన్‌కి 30 రోజులే కదా, ఆ DATE ఫార్ములా దాన్ని చప్పుడు లేకుండా జులై 1 చేసేస్తాది, లేని తారీకులోంచి జులైకి ఒక కొత్త అడ్మిషన్ పుట్టుకొస్తాది. కాబట్టి ఫలితం K లో వచ్చిందనుకుంటే, టెక్స్ట్‌గా ఉన్న వరసలకి పక్కనే ఇంకొకటి పెట్టండి:

```
=IF(ISTEXT(F2),DAY(K2)=VALUE(LEFT(F2,2)),"")
```

FALSE వచ్చిన వరస అంటే క్యాలెండర్‌లో లేని తారీకు, కేస్ షీటు తెరవాల్సిందే, మీ ఊహతో జూన్ 30 అని దిద్దొద్దు. అన్నీ సరిపోయినాక Paste Values తో F, G ల్లోకి తెచ్చుకోండి, ఇకమీద చెప్పే ఫార్ములాలన్నీ ఆ సరైన కాలమ్స్ మీదే.

తారీకుల్లో మిగిలిన చిల్లర తప్పులు

ఉన్న రోజుల కాలమ్ ఇప్పుడు వేసుకోండి:

```
=IF(G2="","",G2-F2)
```

ఆ G2="" అనేది మరిచిపోవద్దు. ఇంకా లోపలే ఉన్న పేషెంటుకి డిశ్చార్జి ఖాళీగా ఉంటాది, ఖాళీ అంటే ఎక్సెల్‌కి సున్నా, సున్నాలోంచి జులై తారీకు తీసేస్తే మైనస్ 45 వేల పైచిలుకు రోజులు వస్తాది, ఆ ఒక్క వరస సగటుని మొత్తం ముంచేస్తాది. సగటు బస మైనస్‌లో వచ్చిందంటే కారణం దాదాపుగా ఇదే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీ బదులు 01/01/1900 అని పెడతాయి, అట్లాంటివి వెతికి ఖాళీ చేసేయండి.

ఇప్పుడు ఈ కాలమ్‌ని చిన్న నుంచి పెద్దకి సార్ట్ చేసి పై చివర కింది చివర చూడండి. మైనస్ వచ్చినవన్నీ ఖచ్చితంగా తప్పు, ఎక్కువగా రాత్రి 12 దాటినాక చేరిన పేషెంటుకి నిన్నటి తారీకో రేపటి తారీకో పడటం వల్ల వస్తాయి. 30 దాటినవి తప్పు అని కాదు, కాలిన గాయాలోళ్లు, ఎముకలోళ్లు నిజంగానే ఉంటారు, ఆ వార్డు సిస్టర్‌కి ఫోన్ చేసి అడిగితే అర నిమిషంలో తేలిపోతాది.

నెల చివర సంగతి ఒకటుంది, ఇది చాలా షీట్లలో చూసినా. జులై అడ్మిషన్లు లెక్కపెట్టడానికి "31/07/2025 లేదా అంతకంటే తక్కువ" అని పెడతారు. ఎక్సెల్ దృష్టిలో 31/07/2025 అంటే ఆ రోజు మొదలైన అర్ధరాత్రి క్షణం, పొద్దున 9 గంటలకి చేరినోడు దానికంటే పెద్ద, కాబట్టి 31వ తారీకు అడ్మిషన్లన్నీ ఎగిరిపోతాయి. ఇట్లా రాయండి:

```
=COUNTIFS(F:F,">="&DATE(2025,7,1),F:F,"<"&DATE(2025,8,1))
```

పుట్టిన తారీకు గురించి రెండు మాటలు. సంవత్సరం రెండంకెలు కొడితే, 12/05/28 అని, అది 2028 అయిపోతాది, 1928లో పుట్టిన ముసలామె ఇంకా పుట్టనే లేదు అన్నట్టు. ఇది వయసు మైనస్‌లో వచ్చి దొరికిపోతాది. 1925లో పుట్టినావిడని 25 అని కొడితే మాత్రం 2025 అవుతాది, అప్పుడామె కొన్ని నెలల పాప, జనరల్ మెడిసిన్ వార్డులో నెలల పాప కనిపిస్తే ముందు ఇది చూడండి. ఇక 01/01 పుట్టిన తారీకులు గుట్టలుగా ఉంటాయి, అసలు తారీకు తెలియనప్పుడు సంవత్సరం ఒకటే తెలిసి జనవరి 1 వేసేస్తారు కాబట్టి. అది తప్పు కాదు, వాటిని దిద్దడానికి కూర్చోవద్దు.

డబుల్ ఎంట్రీలు: Remove Duplicates బటన్ జోలికి పోవద్దు

ఆ బటన్ మొదటి వరస ఉంచి మిగతావి తీసేస్తాది, ఏవి తీసిందో చెప్పదు, ఎన్ని అని మాత్రమే చెప్తాది. పేరు, ఫోన్ నంబరు, అడ్మిషన్ రోజు చూసి కొట్టినారంటే కవలల్లో ఒకరు పోతారు. "బేబీ ఆఫ్ పద్మావతి" అని రెండు వరసలు, ఒకే అమ్మ, ఒకే ఫోను, ఒకే రోజు, ఇద్దరూ నవజాత శిశువుల యూనిట్‌లో చేరినారు, షీటులో చూస్తే అచ్చం డూప్లికేట్. అట్లనే 108లో తెచ్చిన పేరు తెలియని వాళ్లు, కొండకొచ్చి జారిపడో స్పృహ తప్పో చేరినవాళ్లు, వాళ్ల పేరు కాలమ్‌లో "అన్‌నోన్ మేల్" అని ఉంటాది, నెలలో నలుగురుంటే నలుగురూ వేరే మనుషులు. డయాలిసిస్ వాళ్లు వారానికి రెండు మూడు సార్లు వస్తారు, అవి డూప్లికేట్లు కావు, కాకపోతే వాటిని అడ్మిషన్‌గా లెక్కపెడతారా డే కేర్‌గా విడిగా చూపిస్తారా అనేది మీ ఆసుపత్రి ఒక పద్ధతి పెట్టుకుని ప్రతి నెలా అదే పాటించాల, జూన్‌లో కలిపి జులైలో తీసేస్తే అడ్మిషన్లు పడిపోయినాయని పైవాళ్లు కంగారు పడతారు.

అందుకే తీసేయొద్దు, గుర్తు పెట్టండి. మొదటి చెక్ ఐపీ నంబరు మీద, ఒక ఐపీ నంబరు ఒకే బసకి:

```
=COUNTIFS(A:A,A2)>1
```

మీ ఐపీ నంబరు ఉత్త అంకెలే అయ్యి 15 కంటే పొడుగుంటే ఈ ఫార్ములా నమ్మొద్దు, టెక్స్ట్‌గా ఉన్నా COUNTIFS దాన్ని నంబరుగా చూసి 15 అంకెల తర్వాత తేడా పట్టించుకోదు, వేరే వేరే పేషెంట్లని ఒకటే అంటాది. అప్పుడు =SUMPRODUCT(--(A$2:A$600=A2))>1 వాడండి.

ఇక్కడ TRUE వచ్చినవి ఎక్కువ భాగం వార్డు మార్పులు. క్యాజువాలిటీలో ఒక వరస, ఐసీయూలో ఒక వరస, జనరల్ వార్డులో ఇంకో వరస, మనిషి ఒక్కడే, బసా ఒక్కటే. మొదటి వరస అడ్మిషన్ తారీకు, చివరి వరస డిశ్చార్జి తారీకు తీసుకుని ఒక్క వరస చేయాల.

రెండో చెక్కి ఆధారం ఒక్కటే, ఒక మనిషి ఒకే టైములో రెండు పడకల మీద ఉండలేడు. యూహెచ్‌ఐడీ ఒకటే అయ్యి బసలు ఒకదాని మీద ఒకటి ఎక్కినాయా అని చూస్తాం. ఇంకా లోపలే ఉన్నవాళ్లకి G ఖాళీ కదా, ఈ చెక్ వరకు పక్క కాలమ్ L లో వాళ్లకి ఆగస్టు 1 వేసుకోండి, మిగతా వాళ్లకి G లో ఉన్నదే:

```
=COUNTIFS(B:B,B2,F:F,"<"&L2,L:L,">"&F2)>1
```

ప్రతి వరస తనతో తాను ఒకసారి కలుస్తాది కాబట్టి 1 దాటితేనే తప్పు. ఈ చెక్‌లో దొరికేది రిసెప్షన్‌లో ఇద్దరు ఒకే పేషెంటుకి రెండు ఐపీ నంబర్లు ఇవ్వడం, స్కీమ్ కింద ఒకటి క్యాష్ కింద ఒకటి ఓపెన్ చేయడం, ఇట్లాంటివి. బసలు తగలకుండా వేరే వేరే తారీకుల్లో ఉంటే అది రీ అడ్మిషన్, దాన్ని ముట్టుకోవద్దు, అది నిజమైన రెండో అడ్మిషన్.

ఈ రెండింటికీ దొరకనిది ఒకటి మిగిలింది. కొన్ని చోట్ల క్యాజువాలిటీ నుంచి ఐసీయూకి మార్చేటప్పుడు మొదటి ఐపీ నంబరు 10:40కి క్లోజ్ చేసి 11:05కి కొత్త నంబరు ఇస్తారు. ఐపీ నంబరు వేరు, బసలు తగలవు, కానీ మనిషి ఆసుపత్రి గేటు దాటలేదు. వెనకటి డిశ్చార్జికీ ఈ అడ్మిషన్‌కీ మధ్య ఒక రోజు కూడా లేని వాటిని విడిగా తీయండి:

```
=COUNTIFS(B:B,B2,G:G,"<="&F2,G:G,">"&F2-1)
```

1 వచ్చినవి చేత్తో చూడాల, కొందరు నిజంగానే ఇంటికి పోయి రాత్రికి మళ్లీ ఆయాసంతో వచ్చుంటారు.

పాత పేషెంటుకి కొత్త యూహెచ్‌ఐడీ ఇచ్చేసినవి ఏ ఫార్ములాకీ సరిగా దొరకవు. మన వైపు పేర్లు తెలుసు కదా, మునిరత్నం అని ఒకసారి, కె మునిరత్నం అని ఒకసారి, మునిరత్నం కె అని ఇంకోసారి, తమిళనాడు బార్డర్ నుంచి వచ్చినోళ్లయితే తండ్రి పేరు మొదటి అక్షరం ఒకటే ఇంటి పేరు జాగాలో ఉంటాది. ఫోన్ నంబరు మీద సార్ట్ చేసి ఆడ మగ, వయసు పక్కపక్కన పెట్టుకుని కంటితో చూసుకోవడమే. ఒక్క ఫోన్ నంబరుతో ఇంటిల్లిపాదీ రిజిస్టర్ అయ్యుంటారు కాబట్టి ఫోను కలిసిందని కలిపేయొద్దు.

రేంజులు: కుదరనివి వేరు, అరుదైనవి వేరు

ఇక్కడ ఎక్కువసేపు ఉండక్కర్లేదు, ఒక్క వయసు దగ్గర తప్ప. వయసు 0 నుంచి 120 లోపు ఉండాలి అని రేంజ్ పెట్టి వదిలేస్తే అసలు తప్పు దొరకదు, ఎందుకంటే 12 రోజుల పసిబిడ్డకి వయసు 12 అని కొట్టి పక్కన లెక్క మార్చకుండా ఏళ్లు అని వదిలేస్తే 12 ఏళ్లు రేంజ్‌లోనే ఉంది. వయసుని వార్డుతో కలిపి చూస్తేనే దొరుకుతాది: నవజాత శిశువుల యూనిట్‌లో ఉండి E లో "ఏళ్లు" అని ఉన్నవన్నీ, పీడియాట్రిక్స్‌లో పెద్ద వయసున్నవన్నీ, కాన్పుల వార్డులో మగ అని ఉన్నవన్నీ ఫిల్టర్ చేయండి. కాన్పుల వార్డులో మగ వస్తే ముందు బిడ్డ వరసేమో చూడండి. రిపోర్టులో పిల్లలు పెద్దలు అని విడగొట్టే గళ్లు, పసిబిడ్డల చావుల గళ్లు ఈ ఒక్క కాలమ్ మీద ఆధారపడినాయి కాబట్టి ఇది వదలొద్దు.

పుట్టిన బరువు ఉంటే గ్రాములా కేజీలా అని చూడండి, ఒకరు 2.8 కొడతారు ఇంకొకరు 2800 కొడతారు, అదొక్కటీ ఫార్ములాతో దిద్దొచ్చు. 102 ఏళ్లాయన కనిపిస్తే అది అరుదు, కుదరనిది కాదు, కేస్ షీటు చూసి ఓకే అని రాసి వదిలేయండి.

జిల్లా కాలమ్ వాడే రిపోర్టు అయితే ఒక సంగతి, తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అంతకుముందు రిజిస్టర్ అయిన శ్రీకాళహస్తి పేషెంటుకి చిత్తూరు జిల్లా అనీ, సూళ్లూరుపేట పేషెంటుకి నెల్లూరు అనీ పాత రికార్డులో అట్లనే ఉంటాది. మండలం పేరు పట్టుకుని జిల్లా వేసుకోండి.

అర్ధరాత్రి లెక్కతో కలపడం

షీటు లోపల షీటుని చెక్ చేసుకుంటే ఎంతవరకు దొరుకుతాదో అంతవరకే. బయటి సాక్షి ఒకరు కావాల, ఆ సాక్షి వార్డుల్లో నైట్ సిస్టర్లు రాసే పుస్తకం, అర్ధరాత్రి ఏ వార్డులో ఎంతమంది ఉన్నారనేది. హెచ్‌ఎంఐఎస్ కూడా అడిగేది అర్ధరాత్రి హెడ్ కౌంటే.

లెక్క ఇది: నెల మొదట్లో ఉన్నవాళ్లు, వాళ్లకి నెలలో చేరినవాళ్లని కలిపి, బయటికి పోయినవాళ్లని తీసేస్తే, నెల ఆఖర్న ఉన్నవాళ్లు రావాల. బయటికి పోవడం అంటే డిశ్చార్జి ఒకటే కాదు, చావులు, వేలూరుకో చెన్నైకో రెఫర్ చేసినవి, మాట వినకుండా సంతకం పెట్టి పోయినవి, చెప్పకుండా పోయినవి, అన్నీ.

మన ఉదాహరణలో జూన్ 30 అర్ధరాత్రి 62 మంది. షీటు ప్రకారం జులైలో చేరింది 418, పోయింది 409. లెక్క ప్రకారం 71 మంది ఉండాల. పుస్తకంలో జులై 31 అర్ధరాత్రి 66. ఐదుగురు ఎక్కువ. ఆ ఐదుగురిని వెతకడానికి షీటు మొత్తం చదవక్కర్లేదు, ప్రతి రాత్రికీ షీటు నుంచి లెక్క తీసి పుస్తకం పక్కన పెట్టండి, జులై 15 రాత్రికి ఇట్లా:

```
=COUNTIFS(F:F,"<"&DATE(2025,7,16),G:G,">="&DATE(2025,7,16))
+COUNTIFS(F:F,"<"&DATE(2025,7,16),G:G,"")
```

31 రాత్రులకీ వేస్తే తేడా ఏ రోజు మొదలైందో కనిపిస్తాది. 8 దాకా సున్నా, 9న ఒకటి, 17 దాకా ఒకటే, 18న మూడు అనుకోండి, అంటే 9నాడు ఒకరిది, 18నాడు ఇద్దరిది చూస్తే చాలు. 9న దొరికింది ఒకాయన ఐపీ రాయించుకుని పడక ఎక్కకముందే వేలూరు పోయినాడు, అడ్మిషన్ క్యాన్సిల్ చేయలేదు. 18న ఇద్దరు పేషెంట్లు ఇంటికి పోయినారు కానీ స్కీమ్ పేపర్లు పెండింగ్ అని బిల్లింగ్‌లో డిశ్చార్జి కొట్టలేదు. 26న ఇట్లాంటిదే ఇంకొకటి, 29న ఒకాయన రాత్రికి రాత్రి చెప్పకుండా పోయినాడు, పుస్తకంలో రాసినారు, సిస్టమ్‌లో లేదు. మొత్తం ఐదు. దిద్దినాక చేరింది 417, పోయింది 413, 62కి 417 కలిపి 413 తీస్తే 66, పుస్తకంతో సరి.

ఒక హెచ్చరిక. టాలీ అయిపోయింది కాబట్టి డూప్లికేట్ చెక్ అక్కర్లేదు అనుకోవద్దు. వార్డు మార్పు రెండు వరసలుగా ఉంటే అడ్మిషన్ల వైపు ఒకటి పెరుగుతాది, పోయిన వైపు కూడా ఒకటి పెరుగుతాది, రెండూ కొట్టుకుపోయి లెక్క బ్రహ్మాండంగా సరిపోతాది, అడ్మిషన్లు మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అందుకే డూప్లికేట్లు ముందు, టాలీ తర్వాత, ఈ వరస మార్చొద్దు. పుట్టిన బిడ్డల సంగతీ తేల్చుకోండి, అమ్మ పక్కన పడుకున్న బిడ్డని పుస్తకంలో లెక్కపెట్టకుండా షీటులో వరస పెట్టినా, అటుదిటైనా, కాన్పులున్న ప్రతి రోజూ తేడా వస్తానే ఉంటాది.

ఆ 31 రాత్రుల లెక్క కలిపితే పేషెంట్ రోజులు వస్తాయి, మన దాంట్లో 2015 వచ్చిందనుకుందాం. వంద పడకలు 31 రోజులు అంటే 3100, దాంతో భాగిస్తే 65 శాతం నిండినట్టు. 2015ని పోయినవాళ్లు 413తో భాగిస్తే సగటు బస 4.9 రోజులు. ముందు వేసుకున్న ఉన్న రోజుల కాలమ్ సగటు దీనికి దగ్గర్లో ఉండాల, అచ్చంగా కలవకపోవచ్చు, ఎందుకంటే జూన్‌లో చేరినవాళ్ల జూన్ రోజులు అందులో ఉంటాయి, ఇందులో ఉండవు. ఒకటి 4.9 ఉండి ఇంకొకటి 11 ఉంటే మాత్రం ఎక్కడో తారుమారైన తారీకులు మిగిలినాయి, వెనక్కి పోయి F, G చూడండి.

దిద్దిన ప్రతి వరసకీ ఇంకో షీటులో ఐపీ నంబరు, పాత విలువ, కొత్త విలువ, ఏది చూసి మార్చినారు (కేస్ షీటా, వార్డు పుస్తకమా, ఫోనులో సిస్టర్ చెప్పిందా), ఎవరు మార్చినారు, ఈ ఐదూ రాసి పెట్టండి. అదే మార్పు సాఫ్ట్‌వేర్‌లో కూడా చేయించండి, ఎక్సెల్‌లో దిద్ది వదిలేస్తే ఆ 18వ తారీకు ఇద్దరూ ఆగస్టు ఫైల్లో మళ్లీ "ఇంకా లోపలే ఉన్నారు" అని వస్తారు, బిల్లింగ్ వాళ్లు ఆగస్టులో క్లోజ్ చేస్తే ఆగస్టు డిశ్చార్జీల్లో ఇంకోసారి లెక్కకొస్తారు. క్లోజ్ చేసేటప్పుడు క్లోజ్ చేసిన రోజు కాకుండా పేషెంటు పోయిన రోజు పడేలా చూసుకోండి, కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ తారీకు మార్చే అనుమతి అడ్మిన్ లాగిన్‌కే ఉంటాది, ఆయన్ని మూడో తారీకు లోపే పట్టుకోవాల.